వ్యూలు ఎన్ని, చివరిదాకా చూసినవారు ఎందరు: మన పాఠాల వీడియోలకు ఏ లెక్క పట్టాలి

(ఒక ఇంజనీరింగ్ కళాశాలలో వర్క్‌షాప్, ల్యాబ్ పాఠాలను తెలుగులో వీడియోలుగా తీసే విద్యార్థి క్లబ్ సెమిస్టర్ సమావేశంలో క్లబ్ అధ్యక్షుడు చేసిన ప్రసంగ పాఠం.)

మిత్రులారా, వచ్చే సెమిస్టర్‌లో ఏ జట్టుకు ఏ పాఠాలు అప్పగించాలో ఈరోజు తేల్చుకోవాలి. ఇప్పటిదాకా మనం అనుసరించిన పద్ధతి తేలికైనది. ఎవరి వీడియోకు వ్యూలు ఎక్కువ వస్తే వారిది మంచి వీడియో అనుకున్నాం, వారికే మళ్లీ కెమెరా ఇచ్చాం. ఈసారి ఆ పద్ధతిని పక్కనపెట్టి, పాఠం చివరిదాకా నిలిచినవారి శాతాన్ని, అంటే పూర్తి వీక్షణ శాతాన్ని, మొదటి లెక్కగా తీసుకుందామని నా ప్రతిపాదన. అయితే ఏ సందర్భంలో ఏ లెక్క పనికొస్తుందో, ఏది ఎక్కడ మోసం చేస్తుందో మన సొంత వీడియోల మీదే చూపించిన తర్వాతే మీ అభిప్రాయం అడుగుతాను.

పోయిన సెమిస్టర్‌లో మనం పెట్టిన రెండు వీడియోలను తీసుకుందాం. మొదటిది వర్క్‌షాప్‌లోని పరికరాలన్నిటినీ 14 నిమిషాల్లో చూపించినది. గ్రైండింగ్ చక్రం నుంచి నిప్పురవ్వలు ఎగిసే బొమ్మను దాని ముఖచిత్రంగా పెట్టాం, దానికి 9,200 వ్యూలు వచ్చాయి. రెండోది మైక్రోమీటరుతో రీడింగ్ తీయడం ఎలాగో 6 నిమిషాల 20 సెకన్లలో చెప్పినది, దానికి 640 వ్యూలు వచ్చాయి. మన వాట్సాప్ గ్రూపులో మొదటిదానికి చప్పట్లు కొట్టాం, రెండోదాన్ని తీసిన ఇద్దరు జూనియర్లను ఎవరూ పలకరించలేదు. ఆ పలకరించనివారిలో నేనూ ఉన్నాను.

YouTube Studio లో ఒక్కో వీడియో Analytics తెరిస్తే “Key moments for audience retention” అనే గ్రాఫు కనిపిస్తుంది. వీడియో మొదలైనప్పుడు ఉన్నవారిలో ఏ క్షణానికి ఎంత శాతం మిగిలారో ఆ గీత చెబుతుంది, గీత మీద ఎక్కడ వేలు పెడితే అక్కడి శాతం కనిపిస్తుంది. 14 నిమిషాల వీడియోలో 30 సెకన్లు గడిచేసరికి 31 శాతం మిగిలారు, పాఠం ముగిసే చోటికి 2.5 శాతం మిగిలారు. మైక్రోమీటరు వీడియోలో 30 సెకన్ల దగ్గర 68 శాతం ఉన్నారు, పాఠం ముగిసే 5 నిమిషాల 50 సెకన్ల దగ్గర 41 శాతం ఉన్నారు. ఇప్పుడు ఈ శాతాలను మనుషుల లెక్కలోకి మారిస్తే, 9,200లో 2.5 శాతమంటే 230 మంది, 640లో 41 శాతమంటే 262 మంది. పద్నాలుగు రెట్లకు పైగా వ్యూలు వచ్చిన వీడియోలో పాఠం చివరికి చేరినవారి కంటే, ఎవరూ పట్టించుకోని వీడియోలో చేరినవారే ఎక్కువ.

చివరికి చేరడమే అంత ముఖ్యమా, సగం చూసినా సగం నేర్చుకున్నట్టే కదా అని మీలో కొందరు అడగవచ్చు. కొన్ని విషయాల్లో ఆ మాట నిజమే కానీ మైక్రోమీటరు విషయంలో చెల్లదు. మన ల్యాబ్‌లోని మైక్రోమీటరు స్క్రూ పిచ్ 0.5 మిల్లీమీటర్లు, థింబుల్ మీద 50 గీతలు ఉంటాయి, కాబట్టి లీస్ట్ కౌంట్ 0.01 మిల్లీమీటరు. స్లీవ్ మీద 5 కనిపించి, దాని తర్వాతి అర మిల్లీమీటరు గీత కూడా బయటపడి, థింబుల్ 28 దగ్గర ఆగితే రీడింగ్ 5.78. ఆ అర గీతను చూసుకోకపోతే విద్యార్థి 5.28 అని రాస్తాడు. ఇది మన వీడియోలో 2 నిమిషాల 40 సెకన్ల దగ్గర వస్తుంది. ఆ తర్వాత 4 నిమిషాల 30 సెకన్ల నుంచి జీరో ఎర్రర్ సంగతి ఉంటుంది. యాన్విల్, స్పిండిల్ ముఖాలు రెండూ కలిసినప్పుడు రీడింగ్ సున్నా కాకుండా 0.03 చూపిస్తుంటే, తీసిన 5.78లోంచి 0.03 తీసేసి 5.75 అని రాయాలి. అర గీత దాకా చూసి వెళ్లిపోయిన విద్యార్థి, తనకు అంతా వచ్చేసిందన్న ధైర్యంతో ఎక్స్‌టర్నల్ ముందు 5.78 రాస్తాడు. అసలు వీడియో చూడనివాడైతే పక్కవారిని అడిగి తెలుసుకునేవాడేమో. ఒక మెట్టు మీద ఇంకో మెట్టు ఆధారపడే పాఠంలో మధ్యలో లేచిపోయినవారిని నేర్చుకున్నవారి లెక్కలో వేయలేం.

ఇక వ్యూ అనే అంకె దేన్ని కొలుస్తుందో కూడా ఒకసారి గుర్తుచేసుకుందాం. దాని అర్థం వేదికను బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. యూట్యూబ్ షార్ట్స్‌లో 2025 మార్చి 31 నుంచి, వీడియో ఆడడం మొదలైతే చాలు, ఎంతసేపు చూశారన్న నిబంధన లేకుండా వ్యూగా లెక్కిస్తున్నారు. మళ్లీ మొదటినుంచి తిరిగినా ఇంకో వ్యూ పడుతుంది. అందువల్ల ఆ తేదీకి ముందు తీసిన మన షార్ట్స్ వ్యూలనూ తర్వాతివాటినీ పక్కపక్కన పెట్టి, మనం ఎదిగామని చెప్పుకోవడం తప్పు. తలుపు తట్టినవారినీ లోపలికొచ్చి కూర్చున్నవారినీ ఒకే పద్దులో రాస్తే వచ్చే అంకె అది. 2012లో యూట్యూబ్ కూడా తన సిఫార్సులను క్లిక్కుల మీద కాకుండా ఎంతసేపు చూశారన్న దాని మీద ఆధారపడేలా మార్చుకుంది, ఎందుకంటే ఆకర్షించే ముఖచిత్రం పెట్టి లోపల సరుకు లేని వీడియోలకు క్లిక్కులు ఎక్కువగా పడుతుండేవి. మన నిప్పురవ్వల బొమ్మ చేసిన పని కూడా అదేనని ఒప్పుకోవాలి. వర్క్‌షాప్ వీడియోకు వచ్చిన 100 మందిలో 69 మంది అర నిమిషంలోపే వెళ్లిపోయారంటే, వారు నిప్పురవ్వల కోసం వచ్చి, 18 సెకన్ల పాటు తిరిగే మన క్లబ్ లోగోను చూసి వెనుదిరిగారని అర్థం.

వ్యూలు వద్దంటే వెంటనే చేతికి దొరికేది సగటు. Studio లో “Average percentage viewed” అని ఒక అంకె ఉంటుంది, చాలామంది దాన్నే పూర్తి వీక్షణ శాతమని పొరబడతారు. రెండూ వేరు. పదిమంది ఒక వీడియో చూశారనుకోండి. పదిమందీ సరిగ్గా సగంలో లేచిపోతే సగటు 50 శాతం. అయిదుగురు మొదట్లోనే వెళ్లిపోయి, మిగిలిన అయిదుగురు ఆఖరి క్షణం దాకా కూర్చున్నా సగటు 50 శాతమే. మొదటి వీడియోలో పాఠం ఒక్కరికీ చేరలేదు, రెండోదానిలో అయిదుగురికి పూర్తిగా చేరింది. అంతేకాదు, ఆ రెండు వీడియోలకూ కావలసిన చికిత్స కూడా వేరు. మొదటిదానికి సగం దగ్గర ఏదో బిగుసుకుపోయింది, అక్కడి భాగాన్ని మళ్లీ తీయాలి. రెండోదానికి పాఠం బాగానే ఉంది, శీర్షిక తప్పు మనుషులను పిలిచింది. సగటు ఈ తేడాను దాచేస్తుంది, గీత చూపిస్తుంది.

సగటుల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. వీడియోలను సగటున ఎంతసేపు చూస్తున్నారో చెప్పే తన అంకె ఉన్నదానికంటే ఎక్కువగా వచ్చిందని 2016లో ఫేస్‌బుక్ ఒప్పుకుంది. 3 సెకన్లకు మించి చూసినవారిని మాత్రమే ఆ లెక్కలోకి తీసుకోవడం దానికి కారణం. ముందే వెళ్లిపోయినవారిని హారంలోంచి తీసేస్తే ఎవరి సగటైనా ఘనంగానే కనిపిస్తుంది. మనలో ఒక జట్టు తమ నివేదికలో “మొదటి 30 సెకన్లు దాటినవారిలో 60 శాతం చివరిదాకా ఉన్నారు” అని రాసింది. ఆ వాక్యంలో అబద్ధం లేదు కానీ, 30 సెకన్లు దాటనివారు ఎందరో చెప్పకుండా దాన్ని ఇంకో వీడియోతో పోల్చకూడదు. మన లెక్కలో హారం ఎప్పుడూ మొదలుపెట్టినవారందరూ.

ఇప్పుడు పూర్తి వీక్షణ శాతాన్ని ఎక్కడ కొలవాలన్నది చూద్దాం. యూట్యూబ్ ఆ పేరుతో అంకె ఇవ్వదు, గీత మీంచి మనమే చదువుకోవాలి. వీడియో ఆఖరి సెకను దగ్గర కొలిస్తే తప్పుడు అంకె వస్తుంది, ఎందుకంటే మనం చివర్లో 30 సెకన్లు ధన్యవాదాలు చెబుతాం, సబ్‌స్క్రైబ్ చేయమంటాం, తర్వాతి వీడియోల బొమ్మలు చూపిస్తాం. పాఠం అయిపోయిందని తెలిసిన తెలివైన విద్యార్థి అక్కడ లేచిపోతాడు, అది మన వైఫల్యం కాదు. అందుకని ప్రతి వీడియోకూ పాఠంలోని ఆఖరి అవసరమైన మాట ఏ క్షణంలో ముగిసిందో ఎడిటింగ్ చేసినవారే రాసిపెట్టాలి, ఆ క్షణం దగ్గరి శాతమే మన అంకె. మైక్రోమీటరు వీడియోలో అది 5:50, 6:20 కాదు.

ఈ అంకెకు ఉన్న లోపాలను కూడా దాచను. మొదటిది, నిడివి. రెండు నిమిషాల వీడియోను పూర్తిగా చూసేవారి శాతం పద్నాలుగు నిమిషాల వీడియో కంటే సహజంగానే ఎక్కువ ఉంటుంది, కాబట్టి నా ఉదాహరణలో కూడా 41నీ 2.5నీ నేరుగా తూకం వేయడం పూర్తిగా న్యాయం కాదని ఒక సభ్యురాలు అన్నారు. ఆమె అన్నది సరైనదే. అందుకే నేను శాతాలతో ఆగకుండా మనుషుల లెక్క దాకా వెళ్లాను, జట్ల మధ్య పోలికను మాత్రం దాదాపు ఒకే నిడివి ఉన్న వీడియోల మధ్యే పెడదాం. రెండోది, గీత చివర్లో కనిపించేవారంతా మొదటినుంచి చూసినవారు కాకపోవచ్చు. కొందరు మధ్య భాగాన్ని దాటేసి నేరుగా చివరికి దూకుతారు, కొందరు ఒకే చోటును రెండుసార్లు చూస్తారు, అందువల్ల గీత కిందికి జారుతూ జారుతూ మధ్యలో పైకి లేస్తుంది కూడా. మూడోది, చిన్న సంఖ్యలు. 40 మంది చూసిన వీడియోలో ఒక్క మనిషి 2.5 శాతం. మన సభ్యులే నలుగురు మొహమాటానికి చివరిదాకా ఆడించి వదిలేస్తే అంకె పది శాతం పెరుగుతుంది. అందుకని వీడియో పెట్టిన మొదటి వారం అంకెను చూడవద్దు, కొన్ని వందల వ్యూలు రాకముందు ఏ తీర్పూ ఇవ్వవద్దు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మన చేతుల్లోనే ఉంది. వ్యూలను కొలమానంగా పెట్టినప్పుడు మనం నిప్పురవ్వల బొమ్మలు పెట్టాం, పూర్తి వీక్షణను కొలమానంగా పెడితే రేపు పాఠాలను కత్తిరిస్తాం. జీరో ఎర్రర్ భాగాన్ని తీసేసి 4 నిమిషాల 30 సెకన్ల దగ్గరే వీడియో ముగిస్తే, అక్కడ 52 శాతం ఉన్నారు కాబట్టి మన అంకె ఒక్క దెబ్బకు 41 నుంచి 52కి ఎగబాకుతుంది, విద్యార్థి మాత్రం 5.78 రాసి వస్తాడు. దీన్ని ఆపడానికి ఒక్కటే దారి కనిపిస్తోంది. షూటింగ్‌కు ముందే, ఆ పాఠంలో తప్పకుండా ఉండాల్సిన మెట్లను ల్యాబ్ మాన్యువల్ చూసి కాగితం మీద రాసి, సంబంధిత అధ్యాపకుడికి చూపించాలి. ఆ తర్వాత వీడియోను ఎంత కుదించినా అభ్యంతరం లేదు, ఆ కాగితంలోని మెట్టు ఒక్కటి తగ్గితే మాత్రం ఆ వీడియో పోలికలోకి రాదు.

ఆ 52కీ 41కీ మధ్య ఉన్న 11 శాతం దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే అంకెను ర్యాంకులకు వాడడం కంటే ఇలా వాడడమే నాకు ఎక్కువ ఇష్టం. 11 శాతమంటే సుమారు 70 మంది. వారు అర గీత సంగతి విన్నారు, జీరో ఎర్రర్ పూర్తి కాకముందే వెళ్లారు. ఆ భాగాన్ని మళ్లీ చూస్తే కారణం తెలిసింది. మొదటి 25 సెకన్లూ పుస్తకంలోని నిర్వచనాన్ని చదివాం, చేతిలో పరికరం కూడా కనిపించదు. అదే వీడియోలో 2:40 దగ్గర గ్రాఫు గీత పైకి లేచింది, అంటే అర మిల్లీమీటరు గీతను చూపిన చోటికి జనం వెనక్కి వచ్చి మళ్లీ చూశారు. గీత పైకి లేచిందంటే అక్కడ బాగుందనైనా అర్థం, అర్థం కాలేదనైనా అర్థం. రెండింటిలో ఏదో తెలియాలంటే వ్యాఖ్యలు చదవాలి, లేదా ఆ వీడియో చూసిన నలుగురు మొదటి సంవత్సరం వారిని ల్యాబ్‌లో నిలబెట్టి రీడింగ్ తీయమనాలి. మేం అలాగే చేశాం, ముగ్గురు అర గీతను సరిగ్గానే పట్టుకున్నారు. ఆ సందర్భంలోనే ల్యాబ్ టెక్నీషియన్ గారు ఒక మాట అన్నారు: “బెంచీ మీద మనం మొదట చేసేది జీరో చూసుకోవడమే కదా, వీడియోలో దాన్ని చివర ఎందుకు పెట్టారు?” నిజమే, పుస్తకంలో చివర ఉందని మనం చివర పెట్టాం. కొత్త వీడియోలో ముఖాలను రాచెట్‌తో కలిపి జీరో చూసుకోవడంతోనే మొదలుపెడుతున్నాం. ఆ 70 మంది ఎక్కడ లేచారో చూడకపోతే మనకు ఈ తప్పు కనిపించేదే కాదు.

ఇక వ్యూల వైపు వాదనను కూడా న్యాయంగా వినాలి. మన కోశాధికారి లెక్క కట్టి చూపించారు. 14 నిమిషాల వీడియోను సగటున 95 సెకన్లు చూశారు, 9,200 వ్యూలకు అది దాదాపు 243 గంటలు. మైక్రోమీటరు వీడియోను సగటున 214 సెకన్లు చూసినా 640 వ్యూలకు 38 గంటలే. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే షార్ట్స్ దారిలో కాకపోతే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ కావాలి. ఆదాయమే మన లక్ష్యమైతే ఆయన చెప్పింది ఒప్పుకోవాల్సిందే, అప్పుడు చూడాల్సింది వ్యూలూ కాదు, పూర్తి వీక్షణ శాతమూ కాదు, మొత్తం గంటలు. కానీ మన క్లబ్ ఖర్చు ఒక మైకు, రెండు లైట్లు, కళాశాల ఇచ్చిన కంప్యూటరు. దాని కోసం పాఠాల రూపం మార్చుకోవాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.

వీడియో రకాన్ని బట్టి నా సలహా ఇది. మెట్లు మెట్లుగా సాగే పాఠమైతే పాఠం ముగిసే చోటి శాతాన్నీ, దానితో వచ్చే మనుషుల సంఖ్యనూ కలిపి చూడండి. ఫెస్ట్ తేదీ, రిజిస్ట్రేషన్ గడువు వంటి ప్రకటనలకు ఎందరికి చేరిందన్నదే ముఖ్యం, అక్కడ వ్యూలు పనికొస్తాయి. తేదీ మొదటి అయిదు సెకన్లలో చెప్పేస్తే మిగతాది చూడకపోయినా నష్టం లేదు, వచ్చిన రిజిస్ట్రేషన్లే అసలు కొలత. పాత ప్రశ్నపత్రాల జవాబుల వంటి 40 నిమిషాల వీడియోకు ఈ రెండూ సరిపోవు. విద్యార్థి తనకు రాని మూడో ప్రశ్న దగ్గరికి నేరుగా దూకి, చూసుకుని వెళ్లిపోతాడు, అతని అవసరం తీరింది. అక్కడ గీతలో ఏ ప్రశ్న దగ్గర ఎత్తులు ఉన్నాయో చూసి, ఆ ప్రశ్నకు విడిగా ఒక వీడియో తీయడం మేలు. షార్ట్స్‌లో వీడియో తనంతట తానే తిరిగి మొదలవుతుంది కాబట్టి శాతం వంద దాటడం కూడా మామూలే. వాటిలో ఆగి చూసినవారెందరు, వేలితో తోసేసినవారెందరు అన్నది ముందు చూసుకోండి.

రేపటి నుంచి మన షీటులో ఒక్కో వీడియోకు నాలుగు గడులే ఉంటాయి: 30 సెకన్ల దగ్గరి శాతం, పాఠం ముగిసే క్షణం, అక్కడి శాతం, దాన్ని వ్యూలతో గుణిస్తే వచ్చే మనుషులు. 30 సెకన్ల దగ్గరే గీత కుప్పకూలితే శీర్షికనూ ముఖచిత్రాన్నీ మార్చండి, వీడియోను ముట్టుకోవద్దు. మధ్యలో ఒకచోట నిట్టనిలువుగా పడితే ఆ చోటికి ఇరవై సెకన్ల ముందు నుంచి చూడండి, విసుగు అక్కడే మొదలై ఉంటుంది. సబ్‌స్క్రైబర్ల గీతనూ కొత్తవారి గీతనూ విడివిడిగా చూపించే వీలు Studio లో ఉంది, మన మిత్రుల మొహమాటం ఎంతో అక్కడ తెలుస్తుంది.

14 నిమిషాల వర్క్‌షాప్ వీడియోను తొలగించడం లేదు. అందులో వర్నియర్ కాలిపర్స్, డయల్ గేజ్, లేత్ అనే మూడు భాగాలను వేరు చేసి మూడు పాఠాలుగా మళ్లీ తీస్తాం, వాటి మెట్ల కాగితాలు శుక్రవారంలోగా నాకు చేరాలి. వర్నియర్ పాఠాన్ని మైక్రోమీటరు వీడియో తీసిన ఇద్దరు జూనియర్లకే ఇవ్వాలని అడుగుతున్నాను. అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పండి.